కలాథియా ఆకులు చుట్టుకుపోయి, అంచులు ఎండుతుంటే ఏం చేయాలి?

నా దగ్గర 15 సెంటీమీటర్ల కుండీలో ఒక కలాథియా ఉంది. కొన్న రెండు నెలలకే ఆకుల మొనలు గోధుమ రంగుకి తిరిగాయి. తర్వాత ఆ రంగు అంచుల వెంట సన్నని గీతలా పాకింది. మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయేవి. గాలిలో తేమ తక్కువైందనుకుని రోజుకు మూడుసార్లు నీళ్ళు స్ప్రే చేశాను. ఏమీ మారలేదు. స్ప్రే చేసిన తేమ కొద్ది నిమిషాల్లోనే గాలిలో కలిసిపోతుంది. పైగా అసలు సమస్య కుండీలో ఉంది.

ఆకులో ఏం జరుగుతుందో తెలిస్తే ఏ పని ముందు చేయాలో తేలికగా అర్థమవుతుంది. వేర్లు తాగిన నీరు ఆకు దాకా వచ్చి ఆవిరైపోతుంది. ఆ నీటితో వచ్చిన లవణాలు, ఫ్లోరైడ్ మాత్రం ఆవిరి కావు. నీటి ప్రయాణం ముగిసే చోట, అంటే మొనల్లో, అంచుల్లో పేరుకుంటాయి. అక్కడి కణాలు చచ్చిపోయి గోధుమ రంగు వస్తుంది. వెలుతురు ఎక్కువైనా, గాలి పొడిగా ఉన్నా ఆకు నీటిని వేగంగా లాగుతుంది, కాబట్టి లవణాలూ వేగంగా చేరతాయి. అందుకే ఒకే కుళాయి నీళ్ళు పోసినా తేమగా ఉన్న గదిలోని మొక్క బాగుంటుంది, ఏసీ గదిలోది మాడిపోతుంది. నీరు, తేమ, వెలుతురు మూడింటినీ కలిపి చూడాల్సింది అందుకే.

ముందు రెండు పూటలా ఆకును చూడండి

కలాథియా, ప్రేయర్ ప్లాంట్ ఆకులు రాత్రిపూట పైకి లేచి నిలబడతాయి. ఆకు మొదట్లో ఉండే చిన్న కీలు లాంటి భాగం వాటిని లేపుతుంది. అది ఆరోగ్య లక్షణమే. కొత్త ఆకు చుట్టుకునే పుడుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోకండి. పూర్తిగా విచ్చుకున్న పాత ఆకు రెండు అంచులూ దగ్గరికి వచ్చి గొట్టంలా మారితేనే సమస్య.

ఉదయం ఒకసారి, మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు ఒకసారి చూడండి. ఉదయం చక్కగా పరుచుకుని మధ్యాహ్నం మాత్రమే చుట్టుకుంటే, ఎండ వల్లో పొడిగాలి వల్లో ఆకు నుంచి పోయే నీరు వేర్లు అందించే దానికన్నా ఎక్కువగా ఉంది. ఉదయం కూడా చుట్టుకునే ఉంటే వేర్ల నుంచి ఆకుకు నీరు అందడం లేదు. అప్పుడు వేలిని మట్టిలో రెండు సెంటీమీటర్లు దించి చూడండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉండి కూడా ఆకు చుట్టుకుంటే, వేర్లు కుళ్ళిపోయైనా ఉండాలి, లేదా మట్టిలో లవణాలు ఎక్కువై వేర్లు నీటిని లాగలేకపోతుండాలి. కుండీ అడుగున ముక్కు పెట్టి చూస్తే కుళ్ళు వాసన తెలిసిపోతుంది.

ఈ పని చేసేటప్పుడే ఆకును తిప్పి అడుగు భాగం చూడండి. సన్నని సాలెగూడు దారాలు, కదిలే చుక్కలు కనిపిస్తే అవి ఆకు రసం పీల్చే నల్లులు. వాటిని వదిలించకుండా కింద చెప్పినవన్నీ చేసినా లాభం లేదు.

కుండీని కడగండి

నా మొక్క విషయంలో అసలు మలుపు ఇక్కడే వచ్చింది. నీళ్ళలో కరిగి ఉన్న లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌తో చూస్తే నా కుళాయి నీళ్ళు 480 చూపించాయి. కుండీ అడుగు నుంచి కారిన నీళ్ళు 1,300 దాటాయి! నెలల తరబడి కొంచెం కొంచెం పోసిన నీళ్ళు అడుగు నుంచి బయటికి పోయే అవకాశమే లేక, లవణాలన్నీ మట్టిలోనే మిగిలిపోయాయి. మట్టి పైన, కుండీ అంచున తెల్లని పొర కనిపిస్తే మీటర్ లేకపోయినా విషయం అర్థం చేసుకోవచ్చు.

కడగడానికి కుండీ పరిమాణానికి మూడింతలు ఆర్వో నీళ్ళో వాన నీళ్ళో కావాలి. నా కుండీలో సుమారు రెండు లీటర్లు పడుతుంది, కాబట్టి ఆరు లీటర్లు తీసుకున్నాను. నీళ్ళు గది వేడిలోనే ఉండాలి. సింకులో పెట్టి, మట్టి అంతటా తడిసేలా నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ పోయాలి. గబగబా పోస్తే నీరు పక్కల నుంచి జారిపోతుంది, లవణాలు కరగవు. చివర్లో కారిన నీళ్ళు నాకు 280 చూపించాయి. అరగంట పూర్తిగా కారనిచ్చి, పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయండి. అవి అక్కడే ఉంటే మట్టి మళ్ళీ పీల్చుకుంటుంది.

వేర్లు కుళ్ళిన మొక్కకు మాత్రం ఇది చేయకండి. ముందు బయటికి తీసి, మెత్తబడిన వేర్లు కత్తిరించి, నీరు త్వరగా జారే కొత్త మట్టిలో పెట్టండి.

ఆ తర్వాత పోసే నీళ్ళు కూడా మారాలి. టీడీఎస్ 100 లోపు ఉంటే నిశ్చింత. కుళాయి నీళ్ళను రాత్రంతా బకెట్‌లో ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ లవణాలు, ఫ్లోరైడ్ ఎక్కడికీ పోవు. మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే వృథా నీళ్ళలో లవణాలు కుళాయి నీళ్ళకన్నా ఎక్కువ, అవి ఈ మొక్కకు అసలు వద్దు. సాఫ్ట్‌నర్ నీళ్ళలో సోడియం ఉంటుంది, అవీ వద్దు. ఆర్వో నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు కాబట్టి, మొక్క పెరిగే కాలంలో నెలకోసారి వాటితో కూడిన ఎరువును ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో నాలుగో వంతు మాత్రం ఇవ్వండి.

తర్వాత వెలుతురు, ఆపైన తేమ

నీళ్ళు మార్చాక నా మొక్క ఉదయం పూట బాగానే ఉండేది, మధ్యాహ్నం మాత్రం ఇంకా చుట్టుకునేది. కిటికీ ఎండ నేరుగా రెండు గంటలు పడుతోందని అప్పుడు గమనించాను. మధ్యాహ్నం ఆకుకు ఒక అడుగు ఎత్తులో చెయ్యి పెట్టి చూడండి. నీడ అంచులు పదునుగా ఉంటే ఎండ ఎక్కువ, మసగ్గా ఉంటే సరిపోయింది, నీడే పడకపోతే వెలుతురు తక్కువ. మరీ చీకటి మూల పెట్టడమూ మంచిది కాదు. మొక్క నీరు తాగదు, మట్టి ఆరదు, వేర్లు కుళ్ళుతాయి. నేను కిటికీ నుంచి మీటరు దూరం జరిపి, సన్నని తెర కట్టాను.

గాలిలో తేమను కొలిచే మీటర్‌ను ఆకుల ఎత్తులో, నీడలో పెట్టి అరగంట తర్వాత చూడండి. 60 శాతం దగ్గర ఉంటే హాయి, 40 కన్నా తగ్గితే ఇబ్బంది. అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, గది వేడి కూడా చూడాలి. 50 శాతం తేమే అయినా 22 డిగ్రీల కన్నా 32 డిగ్రీల దగ్గర గాలి దాదాపు రెండింతల బలంతో నీటిని లాగుతుంది. ఏసీ గాలి నేరుగా తగలకుండా చూడటం మొదటి పని. చిన్న గదిలో హ్యూమిడిఫయర్ బాగా పనిచేస్తుంది. గులకరాళ్ళ పళ్ళెం వల్ల వచ్చే తేడా చాలా తక్కువ, దాని మీద ఆధారపడకండి.

ఎండిన అంచు మళ్ళీ పచ్చబడదు. కత్తిరించాలనుకుంటే ఒక సన్నని గోధుమ గీత మిగిల్చి కత్తిరించండి. పచ్చటి భాగంలో కోస్తే అక్కడ మళ్ళీ ఎండుతుంది. ఫలితం తెలిసేది మార్పుల తర్వాత పుట్టిన ఆకుల్లోనే. నాకు మొదటి కొత్త ఆకు మొన కొంచెం మాడింది, అది కడగకముందే మొదలైన ఆకు. ఆరు వారాల తర్వాత వచ్చిన రెండోది శుభ్రంగా విచ్చుకుంది. మీకు రెండో ఆకు కూడా మాడిన అంచుతోనే విచ్చుకుంటే, కుండీ నుంచి కారే నీళ్ళ టీడీఎస్‌ని మళ్ళీ కొలవండి. అంకె తక్కువగానే ఉంటే మొక్కను కుండీలోంచి తీసి వేర్లు చూడండి.