క్లోజ్ టెస్ట్‌లో ఖాళీ తర్వాతి వాక్యం కూడా చదవండి

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షల ఇంగ్లిష్‌లో ప్యాసేజ్‌లోని ఖాళీలు నింపే క్లోజ్ టెస్ట్‌లో గ్రామర్ ప్రకారం రెండు మూడు ఆప్షన్లు సరిపోయే ఖాళీలు ఉంటాయి. మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే.

ఒక ఉదాహరణ చూడండి. ప్యాసేజ్ సారాంశం ఇది: గ్రామాల్లో బ్యాంకు శాఖలు పెరిగాయి. వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు చేసేవాళ్లు మాత్రం ____. ఈ వింతకు కారణం ఏమిటంటే, బ్యాంకులు అడిగే కాగితాలు కౌలు రైతుల దగ్గర ఉండవు.

ఆప్షన్లలో 'ఫాలెన్', 'రిజెన్' రెండూ ఉన్నాయనుకోండి. బ్యాంకులు వస్తే వడ్డీ వ్యాపారం తగ్గాలి కదా అని చాలామంది 'ఫాలెన్' పెట్టేస్తారు. ఆ వాక్యం వరకు తప్పేమీ కనిపించదు. కానీ తగ్గితే అందులో వింతేముంది? 'మాత్రం' అర్థం ఇచ్చే 'హావెవర్', తర్వాతి వాక్యంలో 'ఈ వింత' అర్థం ఇచ్చే 'దిస్ పారడాక్స్' రెండూ 'రిజెన్' వైపే చూపిస్తాయి.

అందుకే ముందు ఆప్షన్లు చూడకుండా ప్యాసేజ్ మొత్తం ఒకసారి చదవండి. ఖాళీ దగ్గర పెరిగిందా తగ్గిందా, మంచా చెడా అన్నది మాత్రం మనసులో అనుకోండి, పదం వెతకొద్దు. తర్వాత ఆప్షన్ పెట్టి ముందు వాక్యం, ఆ వాక్యం, తర్వాతి వాక్యం కలిపి చదవండి. ముందుది అందరూ చూస్తారు, తర్వాతిదే వదిలేస్తారు.

నాలుగో ఖాళీకి ఏ ఆప్షనూ కుదరకపోతే, నాలుగోదాంతో కుస్తీ పట్టకండి. మూడోదానికి పెట్టిన జవాబును అనుమానించండి.