పిల్లల బొమ్మల పుస్తకాన్ని సాహిత్యంగా విశ్లేషించడం ఎలా?

పిల్లల పుస్తకం మీద రాసే వ్యాసాలు చాలావరకు కథాసారంతో మొదలై నీతి దగ్గర ఆగిపోతాయి. అసలు పని జరిగే చోటు ఆ రెండింటి మధ్య ఉంటుంది. మారిస్ సెండాక్ 1963లో రాసి, బొమ్మలు వేసిన ‘వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్’ను ఉదాహరణగా తీసుకుందాం. తోడేలు వేషం వేసుకున్న మాక్స్ అనే పిల్లవాడు అల్లరి చేస్తాడు. తల్లి కోప్పడితే ‘నిన్ను తినేస్తా’ అంటాడు. ఆమె అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. ఆ గది అడవిగా మారుతుంది. వాడు పడవెక్కి వింతజీవుల దీవికి వెళ్లి, రాజై, చివరికి ఇంటి మీద బెంగతో తిరిగి వస్తాడు.

1. మాటలు వేరుగా, బొమ్మలు వేరుగా చదవండి

ముందు బొమ్మలు మూసి మాటలు మాత్రమే చదవండి. తర్వాత మాటలు మూసి బొమ్మలు చూడండి. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేనివన్నీ రాసుకోండి. ఈ పుస్తకంలో తల్లి మాటల్లోనే ఉంది, ఒక్క బొమ్మలోనూ కనిపించదు. ఇంకొకటి బొమ్మలోనే ఉంది: కథ మొదట్లోనే గోడకు ఒక వింతజీవి చిత్రం వేలాడుతూ ఉంటుంది, కింద మాక్స్ సంతకం. ఆ దీవి ఎక్కడి నుంచి వచ్చిందో కథకుడు చెప్పడు, గోడ చెబుతుంది.

2. బొమ్మ పరిమాణాన్ని కథనంగా చూడండి

బొమ్మలు బాగున్నాయని రాస్తే విశ్లేషణ కాదు. పేజీలో ఏ బొమ్మ ఎంత చోటు తీసుకుంటోందో గమనించండి. మొదటి బొమ్మ చుట్టూ వెడల్పైన తెల్లటి అంచు ఉంటుంది. మాక్స్ ఊహ పెరిగేకొద్దీ ఆ అంచు తగ్గుతుంది, అడవి వచ్చేసరికి బొమ్మ పేజీ మొత్తం నిండుతుంది, తర్వాత పక్క పేజీలోకి కూడా పాకుతుంది. వింతజీవుల గంతులకు వచ్చేసరికి మూడుసార్లు పేజీ తిప్పినా ఒక్క మాట ఉండదు. అక్కడ చదివి వినిపించే పెద్దవారికి పని లేదు, పుస్తకం పిల్లల చేతికి వచ్చేసింది. తిరుగు ప్రయాణంలో మాటలు మళ్లీ చోటు సంపాదించుకుంటాయి. కానీ గదికి చేరిన తర్వాత కూడా బొమ్మ మొదటి పరిమాణానికి కుంచించుకుపోదు. బయలుదేరిన మాక్స్, తిరిగివచ్చిన మాక్స్ ఒకరు కారని నేను వాదించాల్సి వస్తే ముందుగా ఈ అంచులనే చూపిస్తాను.

3. రచన ఊహించుకున్న పాఠకుడిని వెతకండి

ప్రతి పుస్తకం తన పాఠకుడికి కొంత తెలుసనీ, మిగతాది తనే పూరించుకుంటాడనీ అనుకుని రాస్తుంది. ఆ ఊహిత పాఠకుడు మీ ఇంట్లో ఉన్న పిల్లవాడు కాదు, పుస్తకం లోపల ఉన్నవాడు. వాడిని పట్టుకోవాలంటే, పుస్తకం చెప్పకుండా వదిలేసిన చోట్లు చూడండి. మాక్స్ ప్రయాణానికి దాదాపు ఏడాది పట్టిందని మాటలు అంటాయి. తిరిగి వచ్చేసరికి గదిలో భోజనం సిద్ధంగా ఉంటుంది, ఇంకా వేడిగానే ఉంది. కిటికీలో మొదట నెలవంక, చివర నిండు చంద్రుడు. ఏడాదా, పక్షమా, కొన్ని నిమిషాలా? ఇది కల అని ఎక్కడా చెప్పరు. ఈ లెక్కలు కుదరకపోయినా ఇబ్బంది పడని పాఠకుడిని, భోజనం ఎవరు పెట్టారో చెప్పకుండానే గ్రహించే పాఠకుడిని ఈ పుస్తకం ఊహించుకుంది. ‘అయిదేళ్ల పిల్లలకు’ అని రాయడం కంటే ఈ వర్ణన చాలా కచ్చితమైనది.

4. పెద్దల సందేశాన్ని పరీక్షకు పెట్టండి

మీకు తోచిన నీతిని ఒక వాక్యంగా రాసి, దానికి అడ్డుపడే పేజీ కోసం వెతకండి. ‘అల్లరి చేస్తే శిక్ష తప్పదు’ అన్న వాక్యం ఇక్కడ నిలవదు: మాక్స్ క్షమాపణ అడగడు, భోజనం మాత్రం వస్తుంది. పైగా వాడే రాజై వింతజీవులను అన్నం పెట్టకుండా పడుకోబెడతాడు, అంటే తల్లి అధికారాన్ని తన చేతుల్లో పెట్టుకుని చూస్తాడు. వెళ్లిపోతుంటే ఆ జీవులు ‘నువ్వంటే ఎంతో ప్రేమ, నిన్ను తినేస్తాం’ అంటాయి. వాడు తల్లి మీద కోపంతో అన్న మాటే ప్రేమగా తిరిగి వచ్చింది. చివర్లో భోజనం ఇంకా వేడిగానే ఉందన్న వాక్యం పిల్లవాడికి భద్రత. పక్కన కూర్చుని చదువుతున్న పెద్దవారికి మరో కబురు కూడా ఉంది: కోప్పడిన తల్లే రాజీకి మొదటి అడుగు వేసింది. ఒకే వాక్యం ఇద్దరికి రెండు రకాలుగా అందే ఇలాంటి చోట్లను విడిగా గుర్తుపెట్టుకోండి.

5. హద్దు దాటకండి

‘పిల్లలు దీనికి భయపడతారు’ అన్నది పుస్తకం గురించిన మాట కాదు, పిల్లల గురించిన మాట. ఈ పుస్తకం వచ్చిన కొత్తలో కొందరు పెద్దలు అలాగే అభ్యంతరం చెప్పారు. పుస్తకం ఆధారంగా మీరు చెప్పగలిగింది వేరు: వింతజీవులకు కోరలూ గోళ్లూ ఉన్నాయి, కానీ రెప్ప వాల్చకుండా వాటి కళ్లలోకి చూసి మాక్స్ వాటిని లొంగదీసుకుంటాడు. ఇలా ప్రతి వాదన పక్కనా పేజీనో బొమ్మనో చూపించండి. చూపించలేని వాదనను నిజమైన పిల్లలను అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్నగా విడిగా రాసుకోండి.