ఇంటిల్లిపాదీ ఆడే ఆట – 3వ పాఠం: అష్టాచెమ్మాను అరగంటకు కుదించడం

పోయిన పాఠంలో ఆట ఏ రోజు, ఏ వేళకు పెట్టుకోవాలో చూశాం. శనివారం రాత్రి భోజనాలయ్యాక అని తేల్చుకున్నాం. ఈసారి ఒక్క ఆటనే తీసుకుని, పద్నాలుగేళ్ల పిల్లా, ఏడేళ్ల పిల్లాడూ, అమ్మానాన్నా కలిసి ఆడేలా దాన్ని సరిచేద్దాం. చాలామందికి అమ్మమ్మగారింట్లో ఆడి తెలిసిన ఆటే కాబట్టి అష్టాచెమ్మాను ఎంచుకున్నాను. సుద్దముక్క, చింతపిక్కలు ఉంటే చాలు, దుకాణానికి వెళ్లే పని లేదు.

ముందు ఆట గుర్తుచేసుకుందాం. అడ్డంగా 5, నిలువుగా 5, మొత్తం 25 గళ్లు. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడుమ గడిలోనూ ఇంటూ గుర్తు వేస్తాం. ఎవరి వైపు ఇంటూ గడి వాళ్ల ఇల్లు. ఇంటూ గడిలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. కాయ బయటి వరుసంతా తిరిగి, లోపలి వరుసలోకి మళ్లి, నడి గడికి చేరితే పండినట్టు. అరగదీసిన చింతపిక్కలు నాలుగు వేస్తాం. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు జరగాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే 4. ఒక్కటీ తెల్లగా పడకపోతే అష్టా, అంటే 8. ఈ రెండింటికీ మళ్లీ వేసే అవకాశం వస్తుంది. మిగతా నియమాలు ఊరికో రకం, ఒక్కోసారి ఇంటికో రకం. మనం సరిచేయబోయేదీ వాటినే.

మా ఇంట్లో మొదటిసారి పాత పద్ధతిలోనే కూర్చున్నాం. తలా నాలుగు కాయలు, చెమ్మా గానీ అష్టా గానీ పడితేనే కాయ దిగాలి. చిన్నవాడికి తొమ్మిది పందేలు వేసినా కాయ దిగలేదు. పదోసారి పిక్కలు సోఫా కిందికి విసిరేసి, "నేనాడను" అని నేల మీద బోర్లా పడుకున్నాడు. పెద్దది అప్పటికే ఫోన్ చూసుకుంటోంది. ఇద్దరి మీదా కోప్పడ్డాను. తర్వాత కాగితం మీద లెక్క వేసి చూస్తే తప్పు వాళ్లది కాదని తేలింది.

నాలుగు పిక్కలు, ఒక్కోటి తెలుపో నలుపో పడుతుంది కాబట్టి మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో 1 పడేవి 4 రకాలు, 2 పడేవి 6, 3 పడేవి 4. చెమ్మాకు ఒక్క రకం, అష్టాకు ఒక్క రకం. అంటే చెమ్మా లేక అష్టా పడే వీలు 16లో 2, ఎనిమిదింట ఒకటి. కాయ దిగడానికి సగటున ఎనిమిది పందేలు కావాలి. పది పందేలు వేసినా దిగకపోవడం నలుగురిలో ఒకరికి జరిగేదే. నలుగురు ఆడుతూ ఒక్కొక్కరు ఇరవై సెకన్లు తీసుకుంటే, ఎనిమిది పందేలకు పది నిమిషాల పైనే పడుతుంది. ఏడేళ్లవాడు పది నిమిషాలు ఊరికే పిక్కలు విసురుతూ కూర్చోడు. పద్నాలుగేళ్లదీ కూర్చోదు. కాకపోతే అది నేల మీద పడుకోదు, ఫోన్ తీస్తుంది.

అందుకే మొదటి మార్పు: ఆట మొదలవుతూనే ప్రతివాళ్లకీ ఒక కాయ ఇంట్లో దిగి ఉంటుంది. రెండో కాయకు మాత్రం పందెం పడాలి, అయితే 1 పడినా దింపుకోవచ్చు. 1, 4, 8 కలిపితే 16లో 6, అంటే మూడు పందేల లోపే దిగుతుందని సుమారుగా అనుకోవచ్చు. పందెం పడితే కాయ దింపే సరదా పోలేదు, ఎదురుచూపు తగ్గింది, అంతే. చచ్చిన కాయకు ఈ నిబంధన వద్దు. అది తిరిగి ఇంటికొస్తుంది, మరుసటి పందెంలోనే కదలొచ్చు.

రెండో మార్పు కాయల సంఖ్య. ఇంటి నుంచి బయలుదేరిన కాయ బయటి వరుసలో 15 గళ్లు, లోపలి వరుసలో 8, నడి గడి ఒకటి, మొత్తం 24 గళ్లు నడవాలి. నాలుగు కాయలకు 96. ఒక పందేనికి సగటున రెండున్నర పడుతుంది. అష్టాచెమ్మాలకు వచ్చే అదనపు పందెం కూడా కలిపితే మూడుకు కాస్త తక్కువ. అంటే ఒక్కొక్కరికి 33, 34 వంతులు, నలుగురికీ కలిపి 130 దాటుతాయి. ఒక్క కాయా చావకపోయినా ముప్పావుగంట. కాయలు చస్తూ ఉంటే గంట దాటుతుంది. రెండేసి కాయలతో ఆడితే ఇదంతా సగమవుతుంది. చావులు కలుపుకున్నా అరగంట, నలభై నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను, మీరు చేయకండి. కాయలు రెండుకు తగ్గించి, "ఒక్క కాయనైనా చంపితేనే లోపలి వరుసలోకి వెళ్లాలి" అన్న పాత నియమాన్ని అలాగే ఉంచాను. పదహారు కాయలు తిరిగే పటంలో చంపడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఎనిమిదే ఉంటే, అందులో సగం ఇంటూ గళ్లలో దాక్కుంటే, ఎవరు దొరుకుతారు? మా ఆయన కాయ బయటి వరుసలోనే మూడు చుట్లు తిరిగింది. "నాన్నా, గుడి చుట్టూ ప్రదక్షిణాలా?" అని పెద్దది నవ్వింది. ఆ రాత్రి ఆట తేలనే లేదు. కాయలు తగ్గిస్తే ఆ నియమం తీసేయాలి. దాని బదులు చంపినవాళ్లకు ఇంకో పందెం ఇవ్వండి. చంపాలన్న ఆశ అలాగే ఉంటుంది, దారి మాత్రం మూసుకుపోదు.

ఇక అసలు చిక్కు: పెద్దపిల్లకీ చిన్నవాడికీ ఉన్న తేడా. ఈ ఆటలో పందెం ఎవరికైనా ఒకేలా పడుతుంది. తేడా అంతా ఏ కాయ జరపాలన్న దగ్గరే. చిన్నవాడు ముందున్న కాయనే జరుపుతూ పోతాడు. పెద్దది వెనకాల ఎవరున్నారో చూసుకుని మరీ జరుపుతుంది. పోయిన నెల జరిగిన ఒక వంతు చెబుతాను. పెద్దదాని మొదటి కాయ ఇంటి నుంచి ఆరో గడిలో ఉంది, ఇంకో రెండు గళ్లు వేస్తే ఇంటూ గడి. దాని వెనక రెండు గళ్ల దూరంలో వాళ్ల నాన్న కాయ కాచుకుని ఉంది. రెండో కాయ పన్నెండో గడిలో, అంటే ఇంటూలోనే, భద్రంగా ఉంది. దానికి రెండు గళ్ల ముందు తమ్ముడి కాయ. పందెం 2 పడింది. తమ్ముడి కాయను చంపొచ్చు, లేదా తన మొదటి కాయను ఇంటూలోకి చేర్చుకోవచ్చు.

చంపితే ఇంకో పందెం వస్తుంది. కానీ ఆ పందెంలో మళ్లీ 2 పడకపోతే మొదటి కాయ నాన్నకు రెండు గళ్ల దూరంలోనే ఉండిపోవచ్చు. అన్నిటికంటే ఎక్కువగా పడేది 2, పదహారింట 6. అందుకే ఈ ఆటలో శత్రువుకు రెండు గళ్ల ముందు ఉండటమంత ప్రమాదం ఇంకోటి లేదు. ఒకటీ మూడూ గళ్ల దూరం కొంత నయం, నాలుగు గళ్ల దూరమైతే దాదాపు నిశ్చింత. ఈ లెక్క చెప్పాక పెద్దదానికి ఆట మీద శ్రద్ధ పెరిగింది. తన వంతు కాకపోయినా పటం వైపే చూస్తోంది, ఎవరి కాయ ఎవరికి రెండు గళ్ల దూరంలో ఉందో లెక్కపెట్టుకుంటూ. ఆ రోజు తను చంపడానికే మొగ్గింది. అదనపు పందేనికి 1 పడింది, ఆ వెంటనే నాన్నకు 2 పడింది. "ముందే లెక్కేశాను, అయినా సరే" అంది.

చచ్చింది తమ్ముడి కాయ కాబట్టి వాడి మొహం ముడుచుకుంది. ఇలాంటప్పుడు పెద్దవాళ్లం చేసే పని ఒకటుంది: చిన్నవాడి కాయను చంపే పందెం పడినా చూడనట్టు వేరే కాయ జరిపేస్తాం. నేనూ జరిపాను. "అమ్మా, నువ్వు కావాలనే చంపలేదు" అని పెద్దది వెంటనే పట్టేసింది. తనకు ఏడేళ్లప్పుడు ఎవరూ అలా వదల్లేదని కూడా గుర్తుచేసింది. నిజమే. దొంగచాటుగా ఓడిపోతే చిన్నవాడికి తెలియకపోవచ్చు గానీ, పెద్దపిల్లకు ఆట ఉత్తుత్తిదైపోతుంది.

వదలదలుచుకుంటే ఆట మొదలవక ముందే, అందరి ఎదుటా వదలాలి. మేం దానికి "ప్రాణం" అని పేరు పెట్టాం. అరగదీయని చింతపిక్క ఒకటి ప్రాణం. కాయ చచ్చినప్పుడు ప్రాణం ఇచ్చేస్తే, కాయ ఇంటికి పోకుండా వెనకున్న ఇంటూ గడికి మాత్రమే వెళ్తుంది. చంపినవాళ్ల అదనపు పందెం వాళ్లకే. చిన్నవాడికి రెండు ప్రాణాలు, మిగతావాళ్లకు ఒక్కోటి. ఈ లెక్క పెద్దదే బేరమాడి కుదిర్చింది. తనకసలు లేకుండా వాడికి రెండంటే ఒప్పుకోనంది. చిన్నవాడు గెలిచిన మరుసటి వారం వాడికి ఒక ప్రాణం తగ్గుతుంది, వరసగా మూడు వారాలు గెలవకపోతే ఒకటి పెరుగుతుంది. క్యాలెండర్ మీద రాసి పెట్టుకుంటాం కాబట్టి వాదన రాదు. ఇంకో లాభం ముందుగా అనుకోనిది: ప్రాణం ఇప్పుడు వాడాలా, దాచుకోవాలా అని చిన్నవాడు ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇంటి దగ్గర్లో చచ్చిన కాయకు ప్రాణం దండగ అని ఎవరూ చెప్పకుండానే రెండో వారానికే తెలుసుకున్నాడు.

చిన్నవాడి వంతులో పక్కవాళ్లు సలహా చెప్పకూడదు. ముఖ్యంగా అక్క. ఎవరు పిక్కలు వేస్తే వాళ్లదే నిర్ణయం. గళ్లు తప్పు లెక్కపెడితే మాత్రం ఎవరైనా ఆపొచ్చు.

ఈ వారం అభ్యాసం. ఆటకు ముందు రోజు పిల్లలిద్దరితో పిక్కలు తయారు చేయించండి. ఒకే సైజువి ఆరేడు ఏరి, గరుకు రాయి మీద ఒక వైపు తెల్లటి పప్పు కనిపించేదాకా అరగదీయాలి. తర్వాత నాలుగింటిని 64 సార్లు వేయాలి. చిన్నవాడు వేస్తాడు, పెద్దది కాగితం మీద గీతలు గీస్తుంది. పిక్కలు సరిగ్గా ఉంటే 2 సుమారు 24 సార్లు, 1, 3 చెరో 16 సార్లు, చెమ్మా, అష్టా చెరో 4 సార్లు రావాలి. నాలుగైదు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. అష్టా పది దాటిందంటే పిక్కలు ఎక్కువగా నల్లవైపే పడుతున్నాయన్నమాట. బాగా బొద్దుగా ఉన్నవి తీసేసి, పలచటివి పెట్టి మళ్లీ వేసి చూడండి. గవ్వలతో ఆడేవాళ్లు ఈ పరీక్ష తప్పక చేయాలి. గవ్వకు రెండు వైపులూ ఒకేలా ఉండవు కాబట్టి పైన చెప్పిన లెక్కలు వాటికి అలాగే వర్తించవు. మీ గవ్వల లెక్క మీరే రాసుకోవాలి.

ఆ కాగితం పారేయకండి. వచ్చే పాఠంలో ఇద్దరిద్దరు జట్టుగా ఆడే పద్ధతికి అది కావాలి.