ఇంటర్వ్యూ పట్టిక పంపే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

☐ ప్యానెల్ విదేశంలో ఉంటే సమయాలను తేదీతో కలిపి సరిచూడాలి. హైదరాబాద్ అభ్యర్థికి రాత్రి 7:30 అంటే అక్టోబరులో డల్లాస్ ప్యానెల్‌కు ఉదయం 9 గంటలు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు కనుక, ఆ తర్వాత అదే సమయం వారికి ఉదయం 8 అవుతుంది. రెండు నగరాల సమయాలనూ పక్కపక్కన రాయడమే క్షేమం.

☐ ప్రతి ఇంటర్వ్యూకు ముగింపు సమయం కూడా ఉండాలి. ఒకే సభ్యుడికి 10:00, 10:30 వేర్వేరుగానే కనిపిస్తాయి. మొదటిది 10:45 వరకు సాగుతుందని రాసినప్పుడే చిక్కు బయటపడుతుంది.

☐ ఫలితాల నిలువు వరుసను దాచి పంపితే చాలదు, దాన్ని ఎవరైనా తెరవగలరు. మొదటి రౌండులో ‘సందేహం’ అన్న మాట చూసిన తర్వాతి ప్యానెల్ అభ్యర్థిని ఆ దృష్టితోనే ప్రశ్నించే ప్రమాదం ఉంది, అది అభ్యర్థికి అన్యాయం. కాబట్టి ఫలితాలు లేని వేరే ఫైలునే పంపాలి.