వెనక్కి తిరిగే గడియను మొదటి రోజే చెప్పండి

విదేశీ క్లయింట్ డేటాను తక్కువ గడువులో కొత్త సర్వర్‌కు తరలించే పనిని ప్రారంభిస్తూ మేనేజర్ చేసే ప్రసంగంలో, పని ఎప్పుడు పూర్తవ్వాలో చెప్పడం కంటే, ఏ గడియ దాటితే పాత వ్యవస్థకు వెనక్కి వెళ్లిపోవాలో చెప్పడం ముఖ్యమని నా అభిప్రాయం.

కాకినాడలో కూర్చుని లండన్ క్లయింట్‌కు పనిచేసే బృందాన్నే తీసుకుందాం. అక్కడ శనివారం రాత్రి 8 నుంచి ఆదివారం ఉదయం 6 వరకు సమయం ఇచ్చారంటే, వేసవిలో మనకు అది ఆదివారం తెల్లవారుజాము 12:30 నుంచి ఉదయం 10:30 వరకు అవుతుంది. అక్టోబరు చివరి ఆదివారం అక్కడి గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కనుక ఆ వారాంతాన్ని అసలు ఒప్పుకోకపోవడమే మేలు. రిహార్సల్‌లో బ్యాకప్ నుంచి పాత వ్యవస్థను నిలబెట్టడానికి 3 గంటలు పట్టిందనుకుంటే, మరో అరగంట వెసులుబాటు కలిపి, నిర్ణయ గడియ ఉదయం 7 అవుతుంది.

కాబట్టి ప్రసంగంలో ఇలా చెప్పవచ్చు: "ఏడింటికి రికార్డుల లెక్కతో పాటు బకాయిల మొత్తం కూడా పాతదానితో సరిపోలకపోతే, ఇంకో పది నిమిషాలు అని ఎవరూ అడగవద్దు, వెనక్కి వెళ్దాం, ఆ మాట చెప్పే బాధ్యత నాది." రికార్డుల సంఖ్య ఒక్కటే సరిపోలితే చాలదు, ఎందుకంటే మొత్తాల్లో దశాంశాలు తెగిపోయినా రికార్డుల సంఖ్య మారదు. ఆ నిర్ణయం వెలువడేవరకు క్లయింట్ సిబ్బందిని కొత్త వ్యవస్థలోకి అనుమతించకూడదు. వారు నమోదు చేసినవి వెనక్కి వెళ్లినప్పుడు పోతాయి.