మూడు నెలల స్టేట్‌మెంట్ నుంచి నెల ఖర్చు తేల్చడం: దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయే పేజీ ఇదే

అప్పు వాయిదా తగ్గించమని అడిగినా, ఫీజు మినహాయింపు కోరినా, ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయానికి అప్లై చేసినా, చాలా ఫారాల్లో ఒక పేజీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఎడమవైపు పద్దు పేరు, కుడివైపు నెలకు ఎంత. దానికి మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ జతచేయమంటారు. మిగతా పేజీల్లో పేరు, చిరునామా, సంతకం. వాటిలో తప్పు దొర్లినా అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. నేను చూసినంతలో వెనక్కి వచ్చిన దరఖాస్తులు చాలావరకు ఈ ఖర్చుల పేజీ వల్లే వచ్చాయి.

ఈమధ్య ఒకావిడ అలా తిరిగొచ్చిన దరఖాస్తు పట్టుకుని వచ్చారు. ఫారం నింపినందుకు ఒక ఏజెంటు డబ్బు తీసుకున్నాడు. నెల ఆదాయం 30,000, నెల ఖర్చు 21,000 అని రాశాడు. ప్రతి పద్దులోనూ సున్నాలతో ముగిసే అంకెలే. స్టేట్‌మెంట్‌లో మూడు నెలల డెబిట్లు కూడితే మాత్రం 1,08,900 వచ్చింది, అంటే నెలకు 36,300. కౌంటర్‌లో అడిగింది ఒకే ప్రశ్న. "ఫారం చూస్తే మీకు నెలకు 9,000 మిగులుతోంది. స్టేట్‌మెంట్ చూస్తే ఆదాయం మీద 6,300 ఎక్కువ ఖర్చవుతోంది. ఏది నమ్మాలి?" ఆవిడ ఏం చెప్పాలో తెలియక వచ్చేశారు. నిజానికి ఆ రెండు అంకెలూ తప్పే. ఆవిడ అబద్ధం ఆడలేదు, లెక్క ఎవరూ కట్టలేదు, అంతే.

స్టేట్‌మెంట్ తీసుకునేటప్పుడు మొదటి నెల 1వ తేదీ నుంచి మూడో నెల చివరి రోజు దాకా పూర్తిగా తీసుకోండి. మధ్యలో మొదలైతే అద్దె లాంటివి రెండుసార్లే పడి సగటు తప్పుతుంది. పేజీలన్నీ ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఓపెనింగ్ బ్యాలెన్సుకు మొత్తం క్రెడిట్లు కలిపి, మొత్తం డెబిట్లు తీసేస్తే క్లోజింగ్ బ్యాలెన్సు రావాలి. రాకపోతే ఎక్కడో పేజీ జారిపోయింది.

తర్వాత ఖర్చు కాని డెబిట్లను పక్కన పెట్టాలి. ఆవిడ ప్రతి నెలా 5,000 తన పేరుతోనే ఉన్న ఇంకో ఖాతాకు పంపేవారు, మూడో నెలలో అవసరమై 12,000 వెనక్కి తెచ్చుకున్నారు. ఆ పంపిన 15,000 ఖర్చు కాదు, వెనక్కి తెచ్చిన 12,000 ఆదాయమూ కాదు. రెండింటినీ తీసేయాలి. 1,08,900లో 15,000 పోతే 93,900.

క్రెడిట్ కార్డు బిల్లు ఇంకో మెలిక. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో కార్డు బిల్లు కట్టినట్టు ఒక లైనే కనిపిస్తుంది, ఆ డబ్బు దేనికి పోయిందో కనిపించదు. బిల్లు లైన్లను తీసేసి, వాటి బదులు అదే మూడు నెలల కార్డు స్టేట్‌మెంట్‌లోని కొనుగోళ్లను తెచ్చి కలపాలి. రెండూ ఉంచితే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఆవిడ కట్టిన బిల్లులు 15,000, కార్డు మీద వాడింది 16,200. కాబట్టి 93,900 కాస్తా 95,100 అయింది. వస్తువు వాపసు చేస్తే వచ్చిన 1,800 ఆదాయం వైపు రాయకూడదు, ఆ వస్తువు ఉన్న పద్దులోనే తగ్గించాలి. అప్పుడు 93,300.

ఇక్కడిదాకా ఓపిక ఉంటే ఎవరైనా చేయగలరు. అసలు తడబాటు సబ్‌స్క్రిప్షన్ల దగ్గర. ఫారంలో ఆవిడకు రాసిన అంకె 300. "నాకున్నది ఒక్కటే" అని ఆవిడ గట్టిగా చెప్పారు, అందులో దాపరికం ఏమీ లేదు. కలిపి వెతికితే ఐదు బయటపడ్డాయి.

అవి కంటికి ఆనకపోవడానికి మొదటి కారణం పేరు. స్టేట్‌మెంట్‌లో పడేది మనం వాడే యాప్ పేరు కాకపోవచ్చు. డబ్బు వసూలు చేసే మధ్యవర్తి సంస్థ పేరో, మాతృసంస్థ పేరో, యాప్ స్టోర్ పేరో పడుతుంది. ఆవిడ కార్డులో యాప్ స్టోర్ పేరుతో నెలనెలా 450 పోతోంది. యాప్ స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీ తెరిస్తే అది ఒకటి కాదు, 300ది ఒకటి, 150ది ఒకటి. ఆవిడకు గుర్తున్నది 300ది. రెండోది యాప్ తీసేసినప్పుడే ఆగిపోయిందనుకున్నారు. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు, దాన్ని విడిగా రద్దు చేయాలి.

రెండో కారణం తేదీ. చాలామంది ప్రతి నెలా ఒకే తేదీన పోయేవాటి కోసమే వెతుకుతారు. 28 రోజులకోసారి పోయేవి అలా దొరకవు. ఆవిడ కార్డులో 360 చొప్పున నాలుగుసార్లు పడింది: మొదటి నెల 3న, అదే నెల 31న, రెండో నెల 28న, మూడో నెల 26న. మూడు నెలల్లో నాలుగుసార్లు, అదీ తేదీ వెనక్కి జరుగుతూ. అందుకే అది నెలవారీదని ఎవరికీ తోచలేదు. ఇలాంటివి ఏడాదికి 13 సార్లు పోతాయి. కాబట్టి నెలకు 360 కాదు, 360ని 13తో గుణించి 12తో భాగిస్తే 390. స్టేట్‌మెంట్‌లో పడిన 1,440 బదులు మూడు నెలలకు 1,170 లెక్కపెట్టాలి.

వెతకడం ఎలాగంటే, స్టేట్‌మెంట్‌ను స్ప్రెడ్‌షీట్‌గా దించుకుని మొదట చెల్లింపు పేరు ప్రకారం, తర్వాత మొత్తం ప్రకారం వరుసలో పెట్టండి. ఒకే అంకె రెండుసార్లు కనిపిస్తే ఆ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో చూడండి. 7, 28, 30, 31 వస్తే ఆగి పరిశీలించండి. అంకె ప్రతిసారీ కాస్త మారుతూ, పక్కనే చిన్న విదేశీ లావాదేవీ చార్జి పడుతుంటే, అది వేరే కరెన్సీలో పోయే సబ్‌స్క్రిప్షన్ కావచ్చు. ఒక్క రూపాయి మాత్రమే పోయి, వెంటనే వెనక్కి వచ్చిన ఎంట్రీని కూడా వదలొద్దు. ఉచిత ట్రయల్ మొదలైనప్పుడు కార్డును పరీక్షించే ఎంట్రీ అలాగే ఉంటుంది. ఆవిడకు మొదటి నెలలో 1 పోయి వచ్చింది, రెండో నెల నుంచి అదే పేరుతో 600 పోతోంది. ఆ ట్రయల్ సంగతే ఆవిడకు గుర్తులేదు.

ఐదోది స్టేట్‌మెంట్‌లోనే లేదు. ఫొటోలు దాచుకునే స్టోరేజీకి ఎనిమిది నెలల కిందట ఏడాదికి 2,400 కట్టారు. మూడు నెలల కాగితంలో ఏడాది చెల్లింపులు చాలావరకు కనపడవు, అది ఈ పద్ధతికున్న లోటు. మెయిల్‌లో `receipt`, `renewal`, `trial` అని వెతికితే దొరికింది. దాన్ని నెలకు 200గా కలపాలి, అంటే మూడు నెలలకు 600. దీనికి ఎదురు కేసు బీమా. ఏడాది ప్రీమియం 7,200 సరిగ్గా రెండో నెలలో పడింది. 3తో భాగిస్తే నెలకు 2,400 అని తప్పుగా వస్తుంది, నిజానికి 600. కాబట్టి 5,400 తీసేయాలి.

93,300లో బీమా సవరణ 5,400 పోతే 87,900. స్టోరేజీ 600 కలిపితే 88,500. 28 రోజుల తేడా 270 తగ్గితే 88,230. ట్రయల్‌తో మొదలైన దాన్ని ఆవిడ ఆ రోజే రద్దు చేశారు, కాబట్టి రెండుసార్లు పోయిన 1,200 తీసేశాం. మిగిలింది 87,030, నెలకు 29,010. ఆదాయం 30,000 కాబట్టి మిగులు 990. సబ్‌స్క్రిప్షన్ల పద్దు 300 కాదు, 1,040. ఏజెంటు రాసిన 21,000 దగ్గరే ఆగి ఉంటే, నిజంగా ఇబ్బందిలో ఉన్న మనిషికి నెలకు 9,000 మిగులుతున్నట్టు కాగితం మీద ఉండిపోయేది.

ప్రతి లైను పక్కన పద్దు పేరు రాసుకున్నాక కూడిక స్ప్రెడ్‌షీటే చేస్తుంది. తేదీ A, పేరు B, మొత్తం C, పద్దు D కాలమ్‌లో ఉంటే ప్రయాణం నెల సగటు ఇది:

```
=SUMIFS(C:C,D:D,"ప్రయాణం")/3
```

ఏటీఎం నుంచి తీసిన నగదుకు మాత్రం ఏ ఫార్ములా లేదు. ఆవిడ మూడు నెలల్లో తీసింది 9,000. దాన్ని మొత్తంగా "ఇతరాలు"లో పడేస్తే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది. రెండు వారాల పాటు చేతి ఖర్చు పుస్తకంలో రాసుకోమన్నాను. ఆ నిష్పత్తిలో నెలకు 3,000ను సరుకులకు 1,700, ప్రయాణానికి 900, మందులకు 400గా విడదీశాం. ఇది అంచనాయే. అంచనా అని పక్కన రాయడంలో తప్పులేదు.

ఫారంతో పాటు ఒక పేజీ వివరణ పెట్టండి. 1,08,900తో మొదలుపెట్టి 87,030 దాకా ఒక్కో సవరణ ఒక్కో లైనులో, స్టేట్‌మెంట్‌లో అది ఏ తేదీన ఉందో పక్కన రాస్తే చాలు. పరిశీలించేవాళ్లు కూడిక వేసుకుని చూసుకోగలగాలి. స్టేట్‌మెంట్‌లో లైన్లు చెరిపి కొత్త పీడీఎఫ్ తయారుచేసిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బ్యాలెన్సు వరుస కుదరక అది దొరికిపోతుంది, అప్పుడు ఫోర్జరీ మాట పడేది ఏజెంటు మీదే కాదు, కింద సంతకం పెట్టిన మీ మీద కూడా. లెక్క కట్టడానికంటూ నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడిగినా ఇవ్వకండి. ఈ పనికి కాగితం చాలు. సబ్‌స్క్రిప్షన్లు ఎక్కువ కనిపిస్తే దరఖాస్తు పోతుందేమోనని టెన్షన్ పడి దాచడం కూడా వద్దు. అవి స్టేట్‌మెంట్‌లో ఎలాగూ ఉన్నాయి.

రద్దు చేసినవాటికి రద్దయినట్టు వచ్చిన మెయిల్ ప్రింట్ తీసి వివరణకు జతచేయండి. కార్డు మార్చినంత మాత్రాన పాత చెల్లింపులు ఆగుతాయని అనుకోవద్దు, కొన్నిసార్లు కొత్త కార్డు వివరాలు కార్డు నెట్‌వర్క్ ద్వారా ఆ సంస్థకు చేరిపోతాయి. అందుకే వచ్చే నెల స్టేట్‌మెంట్ రాగానే ఆ 600 మళ్లీ పడిందేమో చూడమని ఆవిడకు చెప్పాను. పడితే రద్దు మెయిల్ జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి, దాని నకలు దరఖాస్తు ఫైల్‌లో చేర్చాలి.