చార్జింగ్ టార్చి రిపేరు, 5వ పాఠం: స్విచ్ వేసి కొలవండి

పోయిన పాఠంలో బ్యాటరీ వోల్టేజీ కొలవమన్నాను. చాలామంది కొలిచారు, కొలిచి తల పట్టుకున్నారు. "మీటరులో 3.9 వోల్టులు చూపిస్తోంది, టార్చి మాత్రం మిణుకుమంటోంది. బ్యాటరీ బాగున్నట్టా, పోయినట్టా?" అందరిదీ ఇదే ప్రశ్న. ఇది తేలకుండా ముందుకు పోయి లాభం లేదు కాబట్టి ఈసారి ఒక కథ చెబుతాను. కల్పితమే, కానీ ఇందులో అంకెలు మీ ఇంటి టార్చిలోనూ కనబడేవే.

తొమ్మిదో తరగతి అమ్మాయి, స్వాతి అనుకుందాం. రాత్రిళ్లు పశువుల కొట్టంలోకి వెళ్లడానికి వాళ్ల తాతయ్య వాడే టార్చి అది. వెనక పిన్నులు బయటికి లాగి నేరుగా సాకెట్లో పెట్టే రకం. రాత్రంతా చార్జింగ్ పెట్టినా రెండు నిమిషాలకే గుడ్డిదీపం అయిపోతోంది.

"ఎర్రలైటు వెలుగుతోంది కదమ్మా, చార్జర్ బాగానే ఉంది. బ్యాటరీ మార్చేస్తే సరి" అన్నాడు తాతయ్య.

స్వాతి ప్లగ్గు తీసి స్క్రూలు విప్పింది. అది నేను నేర్పక్కర్లేదు. కానీ ఒక్క మాట: తెరిచిన టార్చిని సాకెట్లో పెట్టొద్దు. ఇందులో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ప్లగ్గులో ఉన్నంతసేపు బ్యాటరీ తీగ ముట్టుకున్నా 230 వోల్టుల షాకే. తీసేశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉండొచ్చు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ని ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని కెపాసిటర్ రెండు కాళ్లకూ ఆనించాకే చెయ్యి పెట్టండి. పిల్లలైతే పక్కన తెలిసిన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు తిప్పలు. లోపల ఉన్నది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. స్వాతి మీటరు పెడితే 3.9 వచ్చింది. మీకూ ఇదే వచ్చింది, మీరు ఇక్కడే ఆగిపోయారు. ఆమె ప్రోబులు తీయకుండా టార్చి స్విచ్ వేసింది. వెంటనే 3.1, నిమిషం తిరక్కుండా 2.7. ఎండిపోతున్న బోరు కూడా మోటరు వేయనంతసేపు నీళ్లున్నట్టే కనిపిస్తుంది, వేస్తే గాలి లాగుతుంది. మీటరు బ్యాటరీ నుంచి లాగే కరెంటు దాదాపు సున్నా, అందుకే చచ్చిన బ్యాటరీ కూడా దాని ముందు బతికున్నట్టు నటిస్తుంది. బాగున్న బ్యాటరీ అయితే స్విచ్ వేశాక కూడా 4 వోల్టుల దగ్గర నిలబడాలి. 3.5 కంటే దిగితే చార్జింగ్ లేనట్టు, లేదా పనైపోయినట్టు. స్విచ్ వేయకుండా కొలిచిన అంకె నాకు పంపకండి, నేను చదవను.

తాతయ్య మాటే నిజమై బ్యాటరీ పోయింది. అయితే ఆ 3.9 ఇంకో సంగతి కూడా చెబుతోంది. రాత్రంతా చార్జింగ్‌లో ఉండి వచ్చిన బ్యాటరీ స్విచ్ వేయకుండా కొలిస్తే 4.2 దాటాలి. మరి చార్జర్ ఏం చేస్తోంది?

ఎర్రలైటుని నమ్మొద్దు. చాలా టార్చిల్లో దానికి వేరే రెసిస్టర్‌తో కరెంటు నేరుగా వస్తుంది. సాకెట్లో కరెంటు ఉందని తప్ప, బ్యాటరీకి అందుతోందని అది చెప్పదు. అందించే పని 105J, 400V అని రాసి ఉన్న కెపాసిటర్‌ది. 105 అంటే 1 మైక్రోఫారడ్. మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌ల మీద అది సుమారు 65 మిల్లీఆంపియర్లు పోనిస్తుంది. స్వాతి బ్యాటరీ తీగలు విప్పింది, వాళ్ల బాబాయి కెపాసిటర్ ఒక కాలు సోల్డరింగ్ ఊడదీసి పెట్టాడు. కొలిస్తే 0.31 మైక్రోఫారడ్ వచ్చింది.

అంటే బ్యాటరీకి వెళ్తున్నది 20 మిల్లీఆంపియర్లే. పది గంటలకు 200 మిల్లీఆంపియర్ అవర్లు. బ్యాటరీ సామర్థ్యం 1000. రోజూ పావు కడుపు కూడా నిండక, పలకల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ పోయింది. బ్యాటరీ ఒక్కటే మార్చి ఉంటే కొత్తదీ అదే దారి పట్టేది.

రెండూ మార్చారు. కెపాసిటర్ నేనైతే 630 వోల్టులదే తీసుకుంటాను, లావుగా ఉంటుంది, చోటు చూసుకోండి. షాపువాడు లిథియం సెల్ వేసుకోమంటే వద్దనండి. నిండాక చార్జింగ్ ఆపే ఏర్పాటు ఈ చార్జర్‌లో లేదు, లిథియం అంటుకుంటుంది.

మూత బిగించి ఇరవై గంటలు చార్జింగ్ పెట్టారు. ప్లగ్గు తీసి మళ్లీ తెరిచి కొలిస్తే 4.25, స్విచ్ వేస్తే 4.1.

"ఇంకా మీటరేంటమ్మా, ఇటివ్వు. గేదె అరుస్తోంది" అని తాతయ్య చెయ్యి చాచాడు.

అభ్యాసం: కెపాసిటర్ 474J, బ్యాటరీ 4 వోల్టులు, 1.5 ఆంపియర్ అవర్. పూర్తిగా దిగిపోయింది. ఎన్ని గంటలు చార్జింగ్ పెట్టాలి? లెడ్ యాసిడ్‌లో కొంత వృథా పోతుంది, మూడో వంతు అదనంగా కలపండి. ఆ తర్వాత మీ టార్చి విప్పి, ఏ తీగ ఎక్కడికి వెళ్తోందో చూసి, ఎర్రలైటు కెపాసిటర్‌కి ముందుందో వెనకుందో బొమ్మ గీసి పంపండి.